ఫెడ్ అర శాతం కోస్తే డాలర్ పెరగడమేంటి? (డాలర్–యెన్, 2024 సెప్టెంబర్)

సందేహాల_సత్తి
చాన్నాళ్లుగా నలుగుతున్న డౌటు. 2024 సెప్టెంబర్ 18న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఒక్కసారే 50 బేసిస్ పాయింట్లు, అంటే అర శాతం, వడ్డీ కోసింది. 5.25–5.50 నుంచి 4.75–5.00కి దిగింది. అవతల బ్యాంక్ ఆఫ్ జపాన్ జూలై 31నే 0.25కి పెంచేసి ఉంది. ఇటు తగ్గింది, అటు పెరిగింది, కాబట్టి రెండు వైపుల నుంచీ వడ్డీ తేడా కుంచించుకుపోయినట్టే. ఆ లెక్కన డాలర్–యెన్ ఇంకా పడాలి. కానీ జరిగిందేంటి? సెప్టెంబర్ 16న 140 కిందకి జారిన జత, ఫెడ్ కోశాక లేచి కూర్చుంది. అక్టోబర్ చివరికి 152, డిసెంబర్ చివరికి 157. ఈలోగా నవంబర్‌లో పావు, డిసెంబర్‌లో పావు, ఫెడ్ ఇంకా కోస్తూనే ఉంది. మొత్తం ఒక శాతం కోస్తే డాలర్ పదిహేడు యెన్‌లు పెరిగింది. వడ్డీ తేడాయే ట్రెండ్‌ని నడిపిస్తుందని అందరూ చెప్పే మాట ఉత్తదేనా?

చార్టుల_చంటి
140 దగ్గర సపోర్ట్ ఉంది. తగిలింది, లేచింది. వడ్డీలూ గిడ్డీలూ ఎవడిక్కావాలి.

పాతకాపు
ఇందులో వింతేముంది సత్తీ. పుకారు మీద కొనడం, వార్త మీద అమ్మడం. నిర్ణయం వచ్చిన రోజు ఎప్పుడూ ఎదురు దిక్కునే పోతుంది. 2024 మార్చి 19న చూడు. బ్యాంక్ ఆఫ్ జపాన్ మైనస్ వడ్డీకి మంగళం పాడింది, 2007 తర్వాత మొదటిసారి పెంచింది. యెన్ బలపడిందా? లేదు, అదే రోజు డాలర్ 149 నుంచి 150 దాటింది. నిర్ణయానికి ఎదురు పందెం కాయడమే నా పద్ధతి.

రెండేళ్ల_బాండు
పాతకాపు గారు చెప్పిన మార్చి ఉదాహరణ కరెక్టే. కానీ "ఎప్పుడూ ఎదురు దిక్కు" అన్నది నిలవదు. అదే బ్యాంకు అదే ఏడాది జూలై 31న 0.25కి పెంచినప్పుడు ఎదురు పందెం కాసినవాళ్లు ఏమయ్యారో గుర్తుందా? ఆ ఉదయం 153 దగ్గరున్న డాలర్ సాయంత్రానికి 150, ఆగస్టు 5న 142 కిందకి పోయింది. రెండూ పెంపులే, ఒకటి యెన్‌ని పడేసింది, ఇంకొకటి లేపింది.

మార్చిలో పెంచబోతున్నారని ముందు రోజుల్లోనే పత్రికల్లో వచ్చేసింది. మార్కెట్ దాన్ని రేటులో కలిపేసుకుంది. ఆ రోజు కొత్తగా తెలిసింది పెంపు కాదు, ప్రకటనలోని ఒక్క వాక్యం: ప్రస్తుతానికి సడలింపు పరిస్థితులే కొనసాగుతాయని. అంటే తర్వాతి పెంపు తొందరగా రాదని అర్థం. యెన్ పడింది అందుకే. జూలైలో పెంపు వస్తుందో రాదో సగం మందికి నమ్మకం లేదు. పైగా గవర్నర్ ఉయెడా ప్రెస్ మీట్‌లో 0.5 శాతమే గోడ అనుకోవట్లేదన్నట్టు మాట్లాడారు. అక్కడ రాబోయే వడ్డీల దారి మొత్తం పైకి జరిగింది.

సత్తి గారూ, మీరు చూస్తున్నది ఈ రాత్రి వడ్డీల తేడా. మారకం రేటు చూసేది రాబోయే ఏడాది రెండేళ్లలో ఆ వడ్డీలు ఎక్కడెక్కడ ఉంటాయన్న అంచనాల తేడా. మొదటిది తగ్గుతుండగానే రెండోది పెరగొచ్చు. సెప్టెంబర్ 18 తర్వాత అచ్చంగా జరిగింది అదే.

సందేహాల_సత్తి
"అంచనాల తేడా" అంటే కంటికి కనిపించేదేనా? లేక అంతా అయిపోయాక చెప్పుకునే కథా? అయిపోయాక చెప్పాలంటే నేనూ ఏదైనా చెప్తా.

మౌనవీక్షకుడు
ప్రశ్న బాగుంది. ఫాలో అవుతున్నా.

స్వాప్_రాణి
నాకూ ఇదే సమస్య! నా దగ్గర డాలర్–యెన్ లాంగ్ ఉంది, అంటే డాలర్ కొని పెట్టుకున్నా. ఫెడ్ కోసినప్పటి నుంచి పొజిషన్ రాత్రి దాటించినందుకు రోజూ పడే వడ్డీ, అదే స్వాప్, తగ్గించేశారు. బ్రోకర్‌ని అడిగితే "రేట్లు మారాయి" అని ఒక్క ముక్క. బుధవారం మూడు రెట్లు వస్తుంది కాబట్టి సర్దుకుపోతున్నా. తేడా కుంచించుకుపోతే అందరికీ ఇలాగే తగ్గుతుందా, నన్నే ముంచుతున్నారా?

చార్టుల_చంటి
రాణీ, సత్తి అడిగింది అది కాదమ్మా.

రెండేళ్ల_బాండు
అది కాకపోయినా పనికొచ్చే ప్రశ్నే, ముందు అదే చూద్దాం. ఒక లాట్ అంటే లక్ష డాలర్లు. ఫెడ్ కోయకముందు ఒక్క రాత్రి వడ్డీ 5.33 దగ్గర, జపాన్‌లో 0.25 దగ్గర. తేడా 5.08. ఏడాదికి 5,080 డాలర్లు, రోజుకి దాదాపు 14. కోశాక 4.83 లోంచి 0.25 తీసేస్తే 4.58, రోజుకి పన్నెండున్నర. ఇది లెక్క ప్రకారం రావలసింది. బ్రోకర్ తన వాటా తీసుకుని ఇస్తాడు. తగ్గడం సహజం. పన్నెండున్నరకి బదులు ఆరో ఏడో ఇస్తుంటే మాత్రం అడగాల్సిందే. లాంగ్‌కి ఇచ్చేది, షార్ట్ దగ్గర వసూలు చేసేది పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెంటి మధ్య ఖాళీలో సగం అటూ ఇటూగా బ్రోకర్ వాటా.

మీ స్వాప్‌ని నడిపేది ఈ రాత్రి వడ్డీ. చార్టుని నడిపేది రెండేళ్ల అంచనా. సత్తి గారి తికమక అంతా ఈ రెంటినీ ఒకటే అనుకోవడంలో ఉంది.

సందేహాల_సత్తి
సరే, ఆ అంచనాని చూపించండి.

రెండేళ్ల_బాండు
కథ కాదు, కొలవొచ్చు. రెండేళ్ల ప్రభుత్వ బాండు యీల్డ్ అంటే రాబోయే రెండేళ్లలో కేంద్ర బ్యాంకు వడ్డీ సగటున ఎంత ఉంటుందనే అంచనాకి చాలా దగ్గర. ఆ పైన అంతకాలం డబ్బు ఇరుక్కునే రిస్కుకి అడిగే కొంచెం ప్రీమియం ఉంటుంది, దాన్ని ఇప్పటికి వదిలేద్దాం. ట్రేడింగ్‌వ్యూలో వెతికే పెట్టెలో ఇది కొట్టండి:

```
TVC:US02Y-TVC:JP02Y
```

దాని మీద USDJPY పెట్టండి. ఇప్పుడు 2024ని చూద్దాం, అంకెలు సుమారుగా చెప్తున్నా.

జూలై మొదట్లో అమెరికా రెండేళ్లది 4.7, జపాన్‌ది 0.35. తేడా 4.35. డాలర్ 161 పైన.

సెప్టెంబర్ 16 నాటికి అమెరికాది 3.55 దగ్గరకి పడిపోయింది, జపాన్‌ది 0.4 దగ్గర. తేడా 3.15. డాలర్ 140.

ఈ రెండు తేదీల మధ్య ఫెడ్ ఎన్నిసార్లు కోసింది? ఒక్కసారీ లేదు. కొయ్యకుండానే తేడా 120 బేసిస్ పాయింట్లు కుంచించుకుపోయింది, డాలర్ ఇరవై యెన్‌లు పడింది. మీరు 18న పడాలి అంటున్న పతనం అప్పటికే పడిపోయి ఉంది. ఆ రోజు ఫెడ్ రేటు 5.33 ఉండగా రెండేళ్లది 3.55 అంటే, అది సగటు కాబట్టి చివరికి అంతకంటే కిందకి దిగాలి, అంటే రాబోయే రోజుల్లో ఇంచుమించు రెండున్నర శాతం కోత ఉంటుందని మార్కెట్ ముందే రాసేసుకుంది.

అక్టోబర్ చివరికి అమెరికా రెండేళ్లది 4.15కి ఎక్కింది, జపాన్‌ది 0.45. తేడా 3.7. డాలర్ 152. కోత పడింది, అంచనాల తేడా 55 పాయింట్లు పెరిగింది. జత వెళ్లింది దాని వెంటే.

పాతకాపు
ఒప్పుకుంటా, నా మాటకి కాస్త కోత పెట్టాలి. 😄 "ముందే కలిసిపోయి ఉంటే ఎదురు దిక్కు" అందాం. కానీ 50 పూర్తిగా కలవలేదుగా? ముందు రోజు కూడా 25 ఆ 50 ఆ అని కొట్టుకుంటున్నారు. 50 వచ్చిందంటే సగం ఆశ్చర్యమే కదా, అప్పుడు డాలర్ కొంతైనా పడాలి.

రెండేళ్ల_బాండు
పడింది. ప్రకటన వచ్చిన నిమిషాల్లో 140.5 దాకా జారింది. అది మీరన్న సగం ఆశ్చర్యం. తర్వాత అర గంటకి ఫెడ్ ఛైర్మన్ పావెల్ ప్రెస్ మీట్. ఇదే వేగం అనుకోవద్దని చెప్పారు. ఫెడ్ సభ్యుల సొంత వడ్డీ అంచనాలుండే డాట్ ప్లాట్‌లో ఏడాది చివరికి 4.4 అని ఉంది, అంటే మిగిలిన రెండు సమావేశాల్లో పావు, పావు. మార్కెట్ అంతకంటే ఎక్కువే అడుగుతోంది అప్పటికి. దాంతో కింది నుంచి తిరిగి రోజు ముగిసేసరికి 142 దాటింది.

ఎంత కలిసి ఉందో కూడా నిర్ణయానికి ముందే లెక్క కట్టొచ్చు. ఫెడ్ ఫండ్స్ ఫ్యూచర్స్‌లో వంద లోంచి ధర తీసేస్తే ఆ నెల సగటు వడ్డీ వస్తుంది. 2024 అక్టోబర్‌లో ఫెడ్ సమావేశం లేదు, కాబట్టి అక్టోబర్ కాంట్రాక్ట్ నేరుగా సెప్టెంబర్ నిర్ణయం తర్వాతి రేటునే చెప్తుంది. ధర 95.08 ఉందనుకోండి, వడ్డీ 4.92. పావు కోస్తే 5.08, అర కోస్తే 4.83.

```
(5.08 - 4.92) / 0.25 = 0.64
```

అంటే 50 వచ్చే అవకాశం 64 శాతం. అర కోత వస్తే రేటులో ఇంకా కలవాల్సింది 9 పాయింట్లే, పావు వస్తే 16 పాయింట్లు వెనక్కి తీసుకోవాలి. ఇది తెలిస్తే "50 కోశారు, డాలర్ ఢమాల్" అని ఎవరూ అనరు. సమావేశం లేని నెల దొరక్కపోతే రోజుల లెక్కన సగటు విడదీయాలి. కొంచెం చిరాకు పనే, లెక్క మాత్రం అదే.

చార్టుల_చంటి
మేం ట్రెండ్‌లైన్ గీసుకునేలోపు మీరు పరీక్ష రాసేట్టున్నారే.

పదేళ్ల_పక్షం
రెండేళ్ల_బాండు చెప్పింది చాలావరకు బాగుంది కానీ పేరుకి తగ్గట్టే అక్టోబర్ చివర్లో కథ ఆపేశారు. సత్తి అడిగింది డిసెంబర్ చివరి 157 దాకా. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ చివరికి రెండేళ్లది ఎంత కదిలింది? 4.15 నుంచి 4.25. పది పాయింట్లు. జపాన్ వైపు కూడా యీల్డ్ కొంచెం పెరిగింది కాబట్టి తేడా దాదాపు అక్కడే ఉంది. డాలర్ మాత్రం ఐదు యెన్‌లు ఎక్కింది. మరి దేని వెంట పోయింది? పదేళ్లది 4.28 నుంచి 4.57కి వెళ్లింది. నవంబర్ 5 ఎన్నికల చుట్టూ కదిలింది పొడవాటి బాండ్లే. డాలర్–యెన్‌కి పదేళ్లదే అసలు కొలత. జపాన్ బీమా కంపెనీలూ పెన్షన్ ఫండ్లూ కొనేది అమెరికా పొడవాటి బాండ్లనే.

రెండేళ్ల_బాండు
ఆ రెండు నెలల వరకు మీ మాటకి బలం ఉంది, కాదనను. కానీ పదేళ్లదాంట్లో వడ్డీ అంచనాతో పాటు ప్రీమియం కూడా కలిసి వస్తుంది. ప్రభుత్వం ఎక్కువ అప్పు చేస్తుందన్న భయంతో పదేళ్లది పెరిగితే దానివల్ల డాలర్ పెరగాలని ఎక్కడా లేదు. పెరిగిన సందర్భాలున్నాయి, పడిన సందర్భాలూ ఉన్నాయి. నిర్ణయం రోజుకి మాత్రం నేను రెండేళ్లదే చూస్తా, ఎందుకంటే ఆ రోజు మారేది వడ్డీ దారే.

పదేళ్ల_పక్షం
నిర్ణయం రోజుకి సరే. ట్రెండ్‌కి ఒప్పుకోను.

సందేహాల_సత్తి
మీరిద్దరూ తేల్చుకునేలోపు ఇంకోటి. ఫెడ్ వైపు అర్థమైంది. జపాన్ వైపు జూలైలో పెంచాక యెన్ బలపడి, సెప్టెంబర్ తర్వాత ఎందుకు నీరుగారింది? వాళ్లేం కొయ్యలేదు కదా.

రెండేళ్ల_బాండు
కొయ్యకపోయినా "తొందర లేదు" అన్నారు. ఫెడ్ కోసిన రెండు రోజులకి, సెప్టెంబర్ 20న, బ్యాంక్ ఆఫ్ జపాన్ 0.25 దగ్గరే ఉంచింది. నిర్ణయంలో కొత్తేమీ లేదు. ప్రెస్ మీట్‌లో ఉయెడా, ఆలోచించుకోవడానికి తమకి కొంత సమయం ఉందన్నారు. డాలర్ 144కి పోయింది. 27న అధికార పార్టీ నాయకుడిగా ఇషిబా గెలిస్తే వడ్డీలు పెరుగుతాయనుకుని యెన్ ఒక్కసారి దూకింది. అక్టోబర్ 2న అదే ఇషిబా ఇప్పుడు పెంచే వాతావరణం లేదనేసరికి మళ్లీ పడింది. 4న అమెరికా ఉద్యోగాల లెక్క 2,54,000 వచ్చింది, డాలర్ 149కి చేరింది. మూడు వారాల్లో వడ్డీ మార్చిన వాడు ఒక్క ఫెడ్. జత కదిలింది మాత్రం మిగతా నాలుగింటికే.

మౌనవీక్షకుడు
అందుకేనా 2025 జనవరి 24న 0.5కి పెంచినా పెద్దగా చప్పుడు లేనిది?

రెండేళ్ల_బాండు
అవును. ముందు పది రోజుల్లోనే బ్యాంకు పెద్దలు సూచనలు ఇచ్చేశారు, దాదాపు పూర్తిగా కలిసిపోయింది.

స్వాప్_రాణి
అయితే నాలాంటి వాళ్లకి ఇదంతా ఎందుకు? తేడా పాజిటివ్‌గా ఉన్నంతకాలం రోజూ డబ్బు పడుతుంది. రేటు అటూ ఇటూ ఊగినా మళ్లీ వస్తుంది కదా, వచ్చింది కూడా, 157కి.

పాతకాపు
రాణీ, 2024 జూలై 3న ఎక్కడుందో ఆగస్టు 5న ఎక్కడుందో చూడు. 161.9 నుంచి 141.7. పన్నెండున్నర శాతం, నెల రోజుల్లో. నీ స్వాప్ ఏడాదికి ఐదు శాతం. అంటే రెండున్నరేళ్ల స్వాప్ ఒక్క నెలలో ఊడ్చుకుపోయింది. మళ్లీ వచ్చేదాకా ఖాతాలో మార్జిన్ మిగలాలి కదా. అది మెట్లెక్కి వెళ్లి లిఫ్ట్‌లో కింద పడటం.

రెండేళ్ల_బాండు
పాతకాపు గారి లెక్కకి ఒక చేర్పు. ఆ పతనంలో వడ్డీ తేడా వాటా కొంతే. ఆగస్టు 2న అమెరికా నిరుద్యోగం 4.3 శాతం అని రావడంతో రెండేళ్లది బాగా పడింది, నిజమే. కానీ అప్పటికి అందరూ రాణి గారి పొజిషన్‌లోనే ఉన్నారు, యెన్ అప్పు తీసుకుని డాలర్లో కూర్చుని. అందరూ ఒకే తలుపు గుండా బయటికి పరుగెత్తారు. ఆగస్టు 5న జపాన్ షేర్ల సూచీ నిక్కీ ఒక్క రోజులో 12.4 శాతం పడింది. అలాంటి రోజున వడ్డీ తేడా చార్ట్ ఎంత పడాలని చెప్తుందో, జత దానికంటే చాలా కిందకి పోతుంది. 7న డిప్యూటీ గవర్నర్ ఉచిదా, మార్కెట్ నిలకడగా లేనప్పుడు పెంచబోమని చెప్పాకే ఊపిరి పీల్చుకుంది. తేడా ట్రెండ్‌ని చెప్తుంది, వేగాన్ని చెప్పేది ఎవరు ఎటు నిండి ఉన్నారన్నది.

స్వాప్_రాణి
మా బ్రోకర్ ఆగస్టు 5న కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య స్ప్రెడ్ ఎంత పెంచాడో చెప్తే నవ్వుతారు. స్టాప్ ఒక చోట, అమ్ముడైంది ఇంకో చోట.

చార్టుల_చంటి
ఆ రోజు నవ్విన వాడు లేడు.

యూరో_పిచ్చోడు
ఆలస్యంగా వస్తున్నా. ఇదంతా యెన్‌కి బాగానే కుదిరింది. నా జతకి వద్దాం. 2025 ఏప్రిల్. 2న అమెరికా సుంకాల ప్రకటన. తర్వాత పది రోజుల్లో అమెరికా పదేళ్లది 4 దగ్గరి నుంచి 4.5 దాకా ఎక్కింది. జర్మనీ వాళ్లది ఎక్కలేదు సరికదా, దిగింది. 17న యూరప్ కేంద్ర బ్యాంకు ఈసీబీ 2.25కి కోసింది, ఫెడ్ 4.25–4.50 దగ్గరే కదలకుండా ఉంది. తేడా డాలర్ వైపు పెరుగుతోంది. యూరో పడాలి. 1.08 నుంచి 1.13 దాటి పోయింది. జూన్‌లో ఈసీబీ 2కి కోసింది, ఆ నెలాఖరుకి యూరో 1.17. ఇప్పుడు చెప్పండి, ఏ బాండుని ఏ బాండులోంచి తీసెయ్యమంటారు?

సందేహాల_సత్తి
😂 ఇదీ ప్రశ్న.

పదేళ్ల_పక్షం
దీనికి నా పదేళ్లది అసలు పనికిరాదు, తిరగబడింది. ఒప్పుకుంటున్నా.

రెండేళ్ల_బాండు
ఇక్కడ నా రెండేళ్లది కూడా గొప్పగా ఏం పనిచేయలేదు. యీల్డ్ ఎందుకు పెరిగిందన్నది ముఖ్యం. ఆర్థిక వ్యవస్థ బాగుంది, ఫెడ్ కొయ్యదు అనుకుని పెరిగితే డబ్బు అటు వెళ్తుంది, డాలర్ పెరుగుతుంది. అమెరికా బాండ్లు అమ్మేసుకుంటున్నందువల్ల యీల్డ్ పెరిగితే అమ్మిన డబ్బు బయటికి పోతుంది, డాలర్ పడుతుంది. యీల్డ్ అంకె ఒక్కటే, అర్థం రెండు. తేడా ఏంటో తెలుసుకోవడానికి నేను చూసేది ఇది: యీల్డ్ పెరుగుతున్న రోజే షేర్లూ డాలరూ కలిసి పడుతుంటే, వడ్డీ తేడా లెక్కని పక్కన పెట్టేస్తా. ఏప్రిల్‌లో అలాంటి రోజులు వరసగా వచ్చాయి.

యూరో_పిచ్చోడు
ఏప్రిల్‌కి సరే. మే, జూన్‌లలో షేర్లు బాగా కోలుకున్నాయి, అయినా యూరో ఎక్కుతూనే ఉంది. అప్పుడేమంటారు?

రెండేళ్ల_బాండు
అమెరికాలో పెట్టుబడి ఉన్న యూరప్ ఫండ్లు, షేర్లు అమ్మకుండా డాలర్ మీద హెడ్జ్ మాత్రం పెంచాయన్నది చాలామంది చెప్పే మాట. హెడ్జ్ అంటే ఫార్వర్డ్‌లో డాలర్ అమ్మడమే. షేర్లు ఎక్కుతూ డాలర్ పడటం దాంతో కుదురుతుంది. కానీ సత్తి గారు మొదట్లో అన్నట్టు, ఇది అయిపోయాక చెప్పుకునే కథలా ఉందని నాకూ అనుమానమే.

పాతకాపు
హెడ్జ్ ఖర్చే వడ్డీ తేడా కదా. తేడా రెండు శాతం పైన ఉన్నప్పుడు హెడ్జ్ పెంచడమంటే ఏడాదికి రెండు శాతం చేతులారా వదులుకోవడం. అంత భయపడ్డారా?

యూరో_పిచ్చోడు
మూడు నెలల్లో డాలర్ దాదాపు ఎనిమిది శాతం పడ్డాక రెండు శాతం చవకే అనిపిస్తుంది.

సందేహాల_సత్తి
నాకు అర్థమైనంత వరకు: నిర్ణయానికి ముందు రోజు రాత్రి రెండు దేశాల రెండేళ్ల యీల్డ్‌లు రాసిపెట్టుకోవాలి, ఫ్యూచర్స్‌లో ఎంత కలిసిందో చూడాలి, ప్రకటన నిమిషంలో కాకుండా ప్రెస్ మీట్ అయ్యాక తేడా ఎటు మిగిలిందో చూడాలి. ఇంతేనా?

రెండేళ్ల_బాండు
ఇంతే. బ్యాంక్ ఆఫ్ జపాన్‌కి ఇంకో చిన్న ఇబ్బంది. ఫెడ్‌లా గడియారం కొట్టినట్టు ప్రకటన రాదు, టోక్యో సమయం మధ్యాహ్నం అటూ ఇటూగా ఎప్పుడైనా వస్తుంది. ఆలస్యమైతే ఏదో మార్చేస్తున్నారని పుకార్లు మొదలవుతాయి, దానికే జత అర యెన్ ఊగుతుంది. ప్రెస్ మీట్ మాత్రం మూడున్నరకి. ఆ మధ్య గంటల్లో పొజిషన్ పెద్దగా పెట్టుకోకండి.

చార్టుల_చంటి
నేను ఆ మధ్య గంటల్లోనే ట్రేడ్ చేస్తా.

పాతకాపు
అందుకే నువ్వు చార్టులు పోస్ట్ చేస్తావు, స్టేట్‌మెంట్ పోస్ట్ చెయ్యవు.

పదేళ్ల_పక్షం
సత్తీ, ఆ రాసుకునే చోట పదేళ్లవి కూడా రాసుకో. రెండిట్లో ఏది జతతో కలిసి నడిచిందో కొన్ని సమావేశాలు పోయాక నువ్వే ఇక్కడ పెట్టు. అప్పుడు చూద్దాం.

స్వాప్_రాణి
లాంగ్‌కి ఇచ్చేది, షార్ట్ దగ్గర తీసుకునేది పక్కన పెట్టి చూశా. షార్ట్ దగ్గర లాట్‌కి రోజుకి పంతొమ్మిది లాగుతున్నాడు, నాకు ఇచ్చేది ఆరు. ఇది న్యాయమేనా?

రెండేళ్ల_బాండు
మధ్యలో పన్నెండున్నర, అటు ఆరున్నర, ఇటు ఆరున్నర. సగం తనే తింటున్నాడు. బ్రోకర్‌ని మార్చండి.